చీటీ వాయిదా లోన్ ఫారంలో రాయాలా, వద్దా?

కూకట్‌పల్లి కుర్రాడు: చేతికి 52,000 జీతం. బైక్ ఈఎమ్ఐ 4,200, యాప్ లోన్ 2,800, పాడుకున్న చీటీకి నెలకు 10,000 కడుతున్నా. చెల్లి పెళ్లికి 5 లక్షల పర్సనల్ లోన్ కావాలి. చీటీ సంగతి రాయొద్దంటున్నాడు ఏజెంట్. నా జీతం ఏజెన్సీ ఇస్తుంది, పని మాత్రం ఒక పెద్ద కంపెనీలో. అక్కడే పర్మనెంట్ అని పెడదాం అంటున్నాడు. ఉన్నదున్నట్టు రాస్తే లోన్ రాదేమోనని భయం. ఏం చేయమంటారు?

నెల్లూరు సుబ్బు: ఇంత టెన్షన్ ఎందుకు తమ్ముడూ! బైక్ లోన్, యాప్ లోన్ నువ్వు రాసినా రాయకపోయినా సిబిల్ రిపోర్టులో వాళ్లకు కనిపిస్తాయి. చీటీ అందులో ఉండదు. కనిపించేవి రాసెయ్, కనిపించనిది వదిలెయ్. లోకమంతా చేసేది అదే.

పాత క్రెడిట్ ఆఫీసర్: సుబ్బు గారి మాట సగం నిజం. సిబిల్‌లో చీటీ ఉండదు. కానీ ఫైల్‌తో పాటు 6 నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ కూడా ఇస్తారు కదా. ఈ ఫైళ్లు చూడటమే చాలా ఏళ్లు నా ఉద్యోగం. మేం మొదట వెతికేది ప్రతి నెలా ఒకే తేదీ చుట్టుపక్కల, ఒకే మొత్తం బయటికి పోతోందా అని. చిట్ కంపెనీకి ఆన్‌లైన్‌లో కడుతుంటే పేరుతో సహా వస్తుంది. నగదుగా కట్టేవాళ్లయితే ప్రతి 6వ తేదీనో 7వ తేదీనో ఏటీఎంలో సరిగ్గా 10,000 తీసినట్టు ఉంటుంది. ఇంకొకటి ఎవరూ ఆలోచించరు: చీటీ పాడుకున్నప్పుడు ఖాతాలో ఒకేసారి పెద్ద మొత్తం జమ అవుతుంది. అది ఈ 6 నెలల్లోనే పడి ఉంటే "ఈ డబ్బు ఎక్కడిది?" అని అడుగుతారు. అప్పుడు చీటీ అని చెబితే, ఫారంలో ఎందుకు లేదని రెండో ప్రశ్న వస్తుంది. మొదటి ప్రశ్నకు ఫైల్ పోదు, రెండోదానికి పోతుంది.

ఉద్యోగం విషయం ఇంకా తేలిక. జీతం జమ అయిన ప్రతిసారీ స్టేట్‌మెంట్‌లో ఏజెన్సీ పేరే ఉంటుంది. పేస్లిప్ మీదా, పీఎఫ్ పాస్‌బుక్‌లోనూ అదే. పెద్ద కంపెనీకి వెరిఫికేషన్ ఫోన్ వెళ్తే "మా రోల్స్‌లో లేరు" అంటారు. ఏజెన్సీ జీతగాళ్లకు లోన్ ఇచ్చేవాళ్లు ఉన్నారు, కాకపోతే వడ్డీ కాస్త ఎక్కువ వేయొచ్చు, సర్వీసు ఎన్నాళ్లని అడుగుతారు. ఉన్న ఉద్యోగం రాసి ఆ షరతులకు ఒప్పుకోవడం వేరు, లేని ఉద్యోగం రాసి దొరికిపోవడం వేరు.

కరీంనగర్ మాస్టారు: ఆఫీసర్ గారూ, ఒక మాట. ఫారంలో "ప్రస్తుత రుణాలు" అనే గడి ఉంటుంది. చీటీ రుణం ఎట్లయితది? మనం నెలనెలా దాచుకునే సొమ్మే కదా. పొదుపును అప్పుల్లో రాసి మన అర్హత మనమే తగ్గించుకోవాల్నా?

పాత క్రెడిట్ ఆఫీసర్: పాడకముందు మీ మాట నూటికి నూరుపాళ్లు కరెక్ట్, మాస్టారూ. ఇప్పుడు చేతికి డబ్బు వచ్చేసింది. మిగతా వాయిదాలు కడతానని జామీను పెట్టి మరీ తీసుకున్నాడు, మానేస్తే జామీనుదారుల మీద పడతారు. అది అప్పు కాదంటే ఇంకేమనాలి? చాలా ఫారాల్లో "ఇతర నెలవారీ చెల్లింపులు" అనే గడి కూడా ఉంటుంది, అందులో రాస్తే సరి.

విజయవాడ పద్మ: బాబూ, చీటీ మధ్యలో ఆపేయొద్దు, చాలా ఇబ్బంది పడతావు. మా చెల్లెలు అలాగే ఆపేసి జామీను పెట్టినవాళ్లతో మాటలు పడింది. నేనైతే నా లోన్ ఫారంలో బంగారం లోన్ రాయలేదు. పాస్‌బుక్ వేరే బ్యాంకుది, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నా. రిపోర్టులో మూడు బంగారం లోన్లు వరసగా ఉన్నాయట! రెండు తీర్చేశాను, ఒకటే మిగిలింది. కానీ బ్యాంకులో అమ్మాయి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నెల తర్వాత రమ్మన్నారు, మళ్లీ వెళ్లలేదు.

కూకట్‌పల్లి కుర్రాడు: పద్మ గారూ, ఆపే ఆలోచన లేదండీ, ఇంకా 14 నెలలు ఉంది. ఆఫీసర్ గారూ, మీరన్నట్టు అన్నీ రాస్తే 5 లక్షలు వస్తాయా? ఏజెంట్ అసలు రాదంటున్నాడు.

పాత క్రెడిట్ ఆఫీసర్: లెక్క వేద్దాం. బ్యాంకును బట్టి మారుతుంది, కానీ ఈ స్థాయి జీతానికి అన్ని వాయిదాలూ కలిపి సగం దాటకూడదని చాలామంది చూస్తారు. అంటే 26,000. బైక్, యాప్, చీటీ కలిపి 17,000 పోతే కొత్త ఈఎమ్ఐకి 9,000 మిగులుతుంది. వడ్డీ 14 శాతం అనుకుంటే 5 లక్షలకు 4 ఏళ్లకు ఈఎమ్ఐ సుమారు 13,660. రాదు. ఏజెంట్ ఆపింది ఇక్కడే.

ఇప్పుడు యాప్ లోన్ చూడండి. ఇంకెన్ని వాయిదాలు ఉన్నాయో మీరు చెప్పలేదు, ఆరు అనుకుందాం. ఓ 16,000 దాకా కట్టేస్తే అది ముగుస్తుంది, నెలకు 2,800 ఖాళీ అవుతుంది. అప్పుడు 11,800 వరకు చోటుంది. 5 లక్షలు 5 ఏళ్లకు పెడితే ఈఎమ్ఐ సుమారు 11,635. సరిపోయింది! చీటీ దాచకుండానే. కాకపోతే ఆ అదనపు ఏడాదికి వడ్డీ మొత్తం మీద ఇంచుమించు 42,000 పెరుగుతుంది, అది గుర్తుపెట్టుకోండి. ఏజెన్సీ ఉద్యోగమని వడ్డీ ఎక్కువ వేస్తే ఈఎమ్ఐ ఈ గీత దాటుతుంది, అప్పుడు కొంత తగ్గించి అడగాలి.

యాప్ లోన్ తీర్చాక నో డ్యూస్ లెటర్ తీసుకోండి. 2025 జనవరి నుంచి రుణదాతలు కనీసం 15 రోజులకోసారి వివరాలు పంపాలి కాబట్టి రిపోర్టు మునుపటికంటే త్వరగానే మారుతుంది. ఏడాదికోసారి ఉచితంగా వచ్చే రిపోర్టు తెచ్చుకుని, క్లోజ్డ్ అని పడ్డాకే ఫారం పెట్టండి.

నెల్లూరు సుబ్బు: ఆఫీసర్ గారూ, అబద్ధం రాసి టైమ్‌కి కడితే ఎవరూ పట్టించుకోరు కదా. మా ఆఫీసులో నలుగురు చేశారు, ఏమైంది?

పాత క్రెడిట్ ఆఫీసర్: కడుతున్నంత కాలం ఎవరూ తవ్వరు, ఒప్పుకుంటాను. అగ్రిమెంట్‌లో "తప్పుడు సమాచారం ఇస్తే మొత్తం బాకీ ఒకేసారి అడగొచ్చు" అన్న షరతు సాధారణంగా ఉంటుంది. అది బయటికొచ్చేది ఉద్యోగం పోయి రెండు వాయిదాలు ఆగినప్పుడు. గడువు ఇవ్వండని బతిమాలడానికి వెళ్లిన రోజే ఫైల్ తీసి "మీరు పర్మనెంట్ అని రాశారే?" అంటారు. ఏజెన్సీ ఉద్యోగంలో ఆ రోజు రాదని ఎవరు చెప్పగలరు?

ఇంకో సంగతి, ఏజెంట్ ఫైల్‌ను ఒక వారంలో నాలుగు చోట్లకు పంపాడనుకోండి, నాలుగు ఎంక్వైరీలూ రిపోర్టులో పడతాయి. ఒకచోట 'పర్మనెంట్', ఇంకోచోట 'కాంట్రాక్ట్' అని ఉంటే, దరఖాస్తులను పోల్చి చూసే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి, తేడా దొరుకుతుంది. సంతకం మీది, ఓటీపీ చెప్పింది మీరు. ఏజెంట్ కాదు.

కరీంనగర్ మాస్టారు: మరి మేనమామ దగ్గర తీసుకున్న చేబదులు? కాగితం లేదు, వడ్డీ లేదు, ఎప్పుడిస్తవని ఆయన అడగడు. అది కూడా రాయాల్నా?

పాత క్రెడిట్ ఆఫీసర్: అక్కడ నేనూ గట్టిగా చెప్పలేను మాస్టారూ. నెలనెలా ఇస్తుంటే రాయాలనే అంటాను. ఎప్పుడో ఇస్తానన్నదాన్ని రాసినవాళ్లను నా సర్వీసులో చూడలేదు.

విజయవాడ పద్మ: మేనమామ అడగడు కానీ అత్తయ్య అడుగుతుంది. రాసెయ్యండి.

కూకట్‌పల్లి కుర్రాడు: ఏజెంట్ నిన్న వాట్సాప్‌లో పెట్టిన ఫారం ఇప్పుడు తెరిచి చూశా. నా ప్రమేయం లేకుండానే 'పర్మనెంట్' టిక్ కొట్టి ఉంది, నెలవారీ చెల్లింపుల దగ్గర 4,200 ఒక్కటే వేశాడు. యాప్ లోన్ కూడా లేదు! సంతకం పెట్టనని మెసేజ్ పెట్టా. యాప్‌లో చూస్తే ఇంకా ఏడు వాయిదాలు, ఈరోజు తీర్చేస్తే 17,900 అని చూపిస్తోంది.