ఆమె జడ కత్తిరించుకుంది, కొత్త కుర్తా వేసుకుంది: ఏమని మెచ్చుకోవాలి?

ఆదివారం బడి
ఆదివారాల్లో మా బస్తీ పిల్లలకు చదువు చెప్పే చిన్న బృందంలో ఉన్నాను. నేను లెక్కలు చెబుతాను, ఆమె తెలుగు చెబుతుంది. పరిచయమై చాలాకాలమైనా ఇప్పటికీ ఒకరినొకరం ‘మీరు’ అనే అనుకుంటాం. ఆమె అంటే నాకు ఇష్టం. ఆ సంగతి ఆమెకు తెలియదు.

నిన్న రాత్రి వాట్సాప్ స్టేటస్‌లో ఒక ఫొటో పెట్టింది. నడుము దాకా ఉండే జడ లేదు, జుట్టు మెడ దగ్గర ఆగింది. ముదురు ఎరుపు ఇక్కత్ కుర్తా వేసుకుంది. చాలా బాగుంది, ఆ మాట చెప్పాలని ఉంది. అయితే నాకు ఆమె నచ్చింది ఫొటోలు చూసి కాదు, అక్షరాలు రాక ఏడ్చే పిల్లవాడి పక్కన గంటసేపు కూర్చోగల ఓపిక చూసి. ‘అందంగా ఉన్నారు’ అని పంపితే ఇన్నాళ్లూ ఇతను చూసింది ఇదేనా అనుకుంటుందేమో. ఏమీ అనకపోతే ఇంత మార్పును గమనించనట్టు అవుతుంది. ఈ రాత్రికి స్టేటస్ పోతుంది. ఏమని రాయాలి?

గట్టు మీద చెట్టు
రూపం మాటే ఎత్తకండి. అందరూ ‘సూపర్’ అని రాస్తారు, మీరూ రాస్తే ఆ గుంపులో కలిసిపోతారు. ఫొటోలో ఇంకేమైనా ఉందేమో చూడండి: వెనక పుస్తకాల అర, కుండీలో మొక్క, గోడ మీద బొమ్మ. దాని గురించి అడగండి. మీరు వేరే రకం మనిషని ఆమెకు అప్పుడు తెలుస్తుంది.

కత్తెర చేతిలో
విజయవాడలో బ్యూటీ పార్లర్ నడుపుతాను. గట్టు మీద చెట్టు గారి మాటలో సగం నిజం ఉంది. గుంపులో కలిసిపోయే మాట వద్దన్నది సరే. కానీ నడుము దాకా ఉన్న జుట్టును మెడ దాకా కత్తిరించుకున్న అమ్మాయి ఆ ఫొటో పెట్టింది మొక్క కోసం కాదు కదండీ. మొక్క గురించి అడిగితే కావాలనే తప్పించుకుంటున్నారని ఇట్టే తెలిసిపోతుంది.

నా కుర్చీలో కూర్చున్న వాళ్లను చూసి చెబుతున్నాను. ఏటేటా రెండంగుళాలు కత్తిరించుకునే వాళ్లు వేరు, జడ మొత్తం తీయమనేవాళ్లు వేరు. రెండో రకం వాళ్లు నెలల తరబడి ఆలోచించి వస్తారు. కత్తెర పెట్టేముందు మేమూ రెండుసార్లు అడుగుతాం, ఎందుకంటే ఒకసారి తెగాక మళ్లీ నడుము దాకా రావడానికి ఏళ్లు పడుతుంది. ఇంటికి వెళ్లగానే వాళ్లకు ఎదురయ్యే మొదటి మాట ‘అయ్యో, అంత జుట్టు ఎందుకు తీసేశావు?’ అన్నదే. అమ్మ అంటుంది, పిన్ని అంటుంది, పక్కింటావిడ అంటుంది. అందుకే మీ సందేశంలో ‘ఎందుకు’ అనే ప్రశ్న రాకూడదు. మీరు ఆసక్తితోనే అడిగినా, అప్పటికే పదిమందికి జవాబు చెప్పుకున్న మనిషికి అది సంజాయిషీ అడిగినట్టే వినిపిస్తుంది.

కారణాన్ని ఊహించడమూ మంచిది కాదు. టైఫాయిడో డెంగీయో వచ్చి తగ్గాక రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. ప్రసవం తర్వాతా అంతే. రాలేది చూడలేక కొందరు పొట్టిగా చేయించుకుంటారు. క్యాన్సర్ రోగుల విగ్గుల కోసం జడ ఇచ్చేవాళ్లున్నారు. ఊరికే విసుగొచ్చి చేయించుకునేవాళ్లూ ఉన్నారు. ‘కొత్త జీవితం మొదలుపెట్టినట్టున్నారే’ లాంటి మాట రాసి, అసలు సంగతి జుట్టు రాలడమే అయితే అది నొప్పిగా తగులుతుంది.

ఇంకొక మాట. పాతదానితో పోల్చవద్దు. ‘ముందుకంటే బాగున్నారు’ అంటే ముందు బాగాలేనట్టు. ‘జడే బాగుండేది, అయినా ఇదీ బాగుంది’ అనేవాళ్లు మెచ్చుకున్నామనే అనుకుంటారు, వినేవాళ్లకు మాత్రం మొదటి సగమే మిగులుతుంది. ‘సన్నగా కనిపిస్తున్నారు’, ‘తెల్లగా కనిపిస్తున్నారు’ అనే మాటల దగ్గరకే వెళ్లవద్దు. అవి ఆమె చేసిన పని గురించి కాదు, ఒంటి గురించి. మీ భయమంతా దాని గురించే కదా.

మగ్గం పక్క ఇల్లు
మాది భూదాన్ పోచంపల్లి వైపు. కుర్తా గురించి ఒక్క ముక్క. ‘అసలైన పోచంపల్లి ఇక్కత్ కదా’ అని తెలిసినట్టు రాయకండి. ఇక్కత్‌లో నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగు అద్దుతారు. అందుకే గీతల అంచులు కాస్త చెదిరినట్టుంటాయి, బట్ట తిప్పి చూసినా రెండు వైపులా బొమ్మ దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అదే బొమ్మను అచ్చు వేసిన బట్టలో మామూలుగా వెనకవైపు రంగు పలచగా ఉంటుంది. ఇదంతా చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది, ఫోనులో తెలియదు. అది అచ్చు బట్టైతే ‘కాదండీ, మామూలుదే’ అని ఆమె చెప్పుకోవలసి వస్తుంది. మెచ్చుకోలు కాస్తా ఆమెకు ఇబ్బంది అవుతుంది. కంటికి కనిపించేది చెప్పండి. ఆ ఎరుపు బాగుందనిపిస్తే ఆ ఎరుపు బాగుందనండి.

వెన్నెల్లో మెట్రో
నేను వేరేలా అనుకుంటాను. మీరంతా ఆ అబ్బాయిని అతిగా భయపెడుతున్నారు. ఫొటో పెట్టుకున్న రోజు బాగున్నావనే మాట వినాలనే ఎవరికైనా ఉంటుంది. నేను మొదటిసారి పొట్టి జుట్టు చేయించుకున్నప్పుడు అందరూ తెలివైన ప్రశ్నలు అడిగారు. సూటిగా బాగున్నావని అన్నది ఒక్క స్నేహితురాలే. నాకు గుర్తున్నది ఆ మాటే. రూపాన్ని మాత్రమే చూస్తాడా లేదా అన్నది ఒక్క సందేశంతో తేలదు, మిగతా రోజులన్నీ ఎలా ఉన్నాడన్నదాన్ని బట్టి తేలుతుంది. ఇన్ని ఆదివారాలు పక్కపక్కన పనిచేసిన మనిషి ఒకసారి ‘చాలా బాగున్నారు’ అంటే ఎవరు తప్పుగా తీసుకుంటారు?

కత్తెర చేతిలో
వెన్నెల్లో మెట్రో గారూ, ఒప్పుకుంటాను. ప్రశ్నల చాటున ప్రశంసను దాచేయకూడదు. బాగుందన్న మాట ఒకసారి స్పష్టంగా ఉండాలి. అయితే ఆ ఒక్కటే పంపితే ఆమె ‘థాంక్యూ’ అంటుంది, మాట అక్కడ ఆగిపోతుంది. పక్కన ఆమె ఎప్పుడో చెప్పిన సంగతి ఏదైనా ఉంటే మీరు చూడటమే కాదు, విన్నారనీ తెలుస్తుంది. ఆదివారం బడి గారూ, జుట్టు గురించో బట్టల గురించో ఆమె మీతో ఎప్పుడైనా ఏమైనా అందా?

తలనీలాలు
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నాదీ దాదాపు ఇలాంటిదే, కాకపోతే తిరగబడింది. నాకు ఇష్టమైన అబ్బాయి గుండుతో ఫొటో పెట్టాడు. నుదుట నామం లేదు, వెనక గుడి లేదు, ఇంట్లో తీసుకున్న ఫొటో. నవ్వడం లేదు. నిజం చెప్పాలంటే గుండు అతనికి బాగుంది. అనవచ్చా?

గట్టు మీద చెట్టు
తిరుపతి మొక్కే అయి ఉంటుంది. ‘కొత్త స్టైలు అదిరింది’ అనండి, నవ్వుకుంటాడు.

మగ్గం పక్క ఇల్లు
వద్దండీ. మన ఇళ్లలో తండ్రో తల్లో పోయినా గుండు చేయించుకుంటారు. తిరుమల నుంచి వచ్చి ఉంటే ఏదో ఒక గుర్తు ఉంటుంది: మెడలో దారం, చేతిలో లడ్డూ సంచి, కనీసం నవ్వు ముఖం. ఏ గుర్తూ లేనప్పుడు తల మాట ఎత్తకుండా ‘ఎలా ఉన్నారు, ఇంట్లో అందరూ బాగున్నారా’ అని అడగండి. మొక్కు అయితే తనే చెబుతాడు. అప్పుడు దర్శనం బాగా జరిగిందా అని అడిగి, గుండు బాగుందని కూడా చెప్పవచ్చు.

ఆదివారం బడి
కత్తెర చేతిలో గారూ, గుర్తొచ్చింది. తలస్నానం చేస్తే జడ ఆరడానికే ఆదివారం సగం పోతోందని, అందుకే బడికి తడి జుట్టుతో వస్తున్నానని ఒకసారి అంది. కుట్టు నేర్చుకుంటున్నానని కూడా చెప్పింది, మెడ పట్టీ సరిగ్గా కూర్చోవడం లేదని. ఈ కుర్తా తను కుట్టిందో కాదో తెలియదు. ఇలా రాశాను:

‘మీ కొత్త హెయిర్‌కట్ చాలా బాగుంది. ఎంత ధైర్యం కావాలి అంత జుట్టు వదులుకోవడానికి! మిమ్మల్ని చూసి ఎప్పుడూ ఆశ్చర్యపోతాను, పిల్లలతో మీ ఓపిక, మీ కుట్టు, ఇప్పుడు ఇది. ఆ ఎరుపు కూడా మీకు బాగా నప్పింది. కుర్తా మీరే కుట్టారా? ఆదివారం వస్తున్నారు కదా?’

వెన్నెల్లో మెట్రో
బరువెక్కువైంది. ఒక ఫొటోకు ఇది ఉత్తరం. ఓపిక సంగతి నిజమైనా ఇక్కడ అతికించినట్టుంది, ‘నేను రూపం మాత్రమే చూడను సుమా’ అని రుజువు చూపిస్తున్నట్టు. దాన్ని బడిలో, ఆమె ఆ పిల్లవాడితో కూర్చున్న రోజున చెప్పండి. అప్పుడు దానికి విలువ.

కత్తెర చేతిలో
అవును, ఆ వాక్యం తీసేయండి. ‘ధైర్యం’ కూడా వద్దు, ఏదో పోగొట్టుకున్నట్టు ఉంది. ప్రశ్నలు రెండున్నాయి, ఒకటి చాలు. మిగిలింది ఇలా ఉంటుంది:

‘జుట్టు చాలా బాగుంది అండీ. ఇక ఆదివారాలు తడి జుట్టుతో పరుగెత్తక్కర్లేదు. కుర్తా మీరు కుట్టిందేనా? మెడ దగ్గర చక్కగా కూర్చుంది.’

మొదటిది సూటి ప్రశంస, రెండోది ఆమె మాట మీకు గుర్తుందన్న సంగతి, మూడోది ఆమె జవాబు చెప్పాలనిపించే ప్రశ్న. తను కుట్టింది కాకపోయినా ఇబ్బంది లేదు, ‘కొన్నదే, నేను ఇంకా అంతదాకా రాలేదు’ అంటుంది, మాట సాగుతుంది. స్టేటస్ కిందే జవాబుగా పంపండి, అది ఆమెకు ఒక్కదానికే కనిపిస్తుంది. బృందం గ్రూపులో పెడితే మిగతావాళ్లు ఏదో ఒకటి అంటారు, ఆమె అందరి ముందూ నవ్వి ఊరుకోవాలి. పంపేది పగటిపూట పంపండి. అర్ధరాత్రి పంపితే ఇదే మాట వేరేలా కనిపిస్తుంది.

ఒక చిన్న సంగతి. పార్లర్‌లో తీయించుకున్న రోజు జుట్టు డ్రయ్యర్‌తో సెట్ చేసి ఉంటుంది, ఫొటోలు ఆ రోజే తీసుకుంటారు. మొదటి తలస్నానం తర్వాత అది దాని ఇష్టం వచ్చినట్టు నిలబడుతుంది, చాలామందికి అప్పుడే దిగులు మొదలవుతుంది. ఆదివారం కనిపించినప్పుడు ఫొటోలోలా లేకపోతే ఆశ్చర్యం ముఖంలో చూపించకండి. ఇంకోసారి బాగుందని అనవలసి వస్తే ఆ రోజే అనండి.

ఆదివారం బడి
మధ్యాహ్నం భోజనాల వేళ పంపాను. గంట తర్వాత జవాబు వచ్చింది. కుర్తా తను కుట్టిందేనట. మెడ పట్టీ మూడుసార్లు విప్పి కుట్టిందట, దగ్గరగా తీసిన ఇంకో ఫొటో కూడా పంపింది. జుట్టు గురించి మాత్రం ‘థాంక్స్ అండీ, ఇంట్లో అమ్మ ఇంకా మాట్లాడటం లేదు’ అని రాసింది. దీనికి ఏమనాలో తెలియక ‘కొన్ని రోజులకు అలవాటు పడతారు’ అన్నాను.

వెన్నెల్లో మెట్రో
బాగానే అన్నారు. వాళ్ల అమ్మగారి గురించి అంతకంటే ఎక్కువ అనకపోవడమే మంచిది.

గట్టు మీద చెట్టు
మొక్క గురించి అడిగినా ఇంతే బాగా జరిగేదని నా నమ్మకం.

తలనీలాలు
నాకూ జవాబు వచ్చింది. మొక్కు కాదు. వాళ్ల నాన్నగారు పోయి పదిహేను రోజులైంది. అడిగినందుకు థాంక్స్ అన్నాడు, తర్వాత చాలాసేపు మాట్లాడాడు. ఇప్పుడు వాళ్ల ఇంటికి వెళ్లి పలకరించవచ్చా, లేక ఫోనులో మాట్లాడితే చాలా? మా రెండు కుటుంబాలకూ పరిచయం లేదు.