'సారూ, నువ్వు' అంటే మర్యాద ఉన్నట్టా, లేనట్టా?

కాకినాడ కౌంటర్:
మాది కాకినాడ. ఈమధ్యే జగిత్యాల వైపు ఒక బ్యాంకు శాఖకు బదిలీ అయ్యాను. ఇక్కడ నాకంటే చిన్నవాడైన క్లర్కు, అటెండరు, లోను కోసం వచ్చే కుర్ర రైతులు, అందరూ "సారూ, నువ్వు ఇంకా సంతకం పెట్టలే" అనే మాట్లాడతారు. "అండి" అన్నది ఒక్కరి నోటా రాదు. మర్యాద తెలియక అలా అంటున్నారా, లేక వాళ్ల పద్ధతే అంతా? ఎవర్నీ కించపరచాలని అడగడం లేదు.

నిజం చెప్పాలి:
పద్ధతి కాదు, చరిత్ర. నిజాం రాజ్యంలో బడుల్లోనూ కచేరీల్లోనూ ఉర్దూదే పెత్తనం. ఉస్మానియా యూనివర్సిటీ కూడా 1918లో ఉర్దూ మీడియంతోనే మొదలైంది. చదువుకున్న తెలుగు అక్కడ పెరగలేదు కాబట్టి "మీరు", "అండి" అలవాటు కాలేదు. ఇప్పుడు బడులు వచ్చాయి, మెల్లగా మారుతుంది. ఇందులో కోపం తెచ్చుకోవాల్సింది ఏమీ లేదు.

అనంతపురం అల్లుడు:
ఉర్దూ పెత్తనం మాట సరే. కానీ ఉర్దూలో "ఆప్" ఉంది కదా సామీ! ఉర్దూ ప్రభావమే అయితే తెలంగాణలో "మీరు" తక్కువ కావడం కాదు, ఎక్కువ కావాలి. ఇంకోటి, మా సీమ జిల్లాలను నిజాం 1800లోనే కంపెనీకి ఇచ్చేశాడు. అయినా మా ఊళ్లో ఈరోజుకీ పెద్దాయన్ని చూస్తే "ఏం సామీ, బాగుండావా" అంటాం. "బాగున్నారా అండి" అంటే ఎవరో కొత్త మనిషి వచ్చాడనుకుంటారు.

నా సంగతి చెబుతా. మా ఆవిడది రాజమండ్రి. పెళ్లయిన కొత్తలో అక్కడికి పోయి "అత్తా, నువ్వు కుర్చో, నేను తెస్తా" అన్నా. ప్రేమతోనే అన్నా. వంటింట్లో ఎవరూ మాట్లాడలేదు. సాయంత్రం మా ఆవిడ పక్కకు పిలిచి చెప్పింది, "అత్తయ్యగారూ, మీరు కూర్చోండి" అనాలంట. సరే, నేర్చుకున్నా. మరి ఆమె మా ఇంటికొచ్చి మా అమ్మను "మీరు, మీరు" అంటే ఏమైందో తెలుసా? మా అమ్మ నెలదాకా ఓర్చుకుని, నన్నడిగింది: "ఆ పిల్లకు మనమింకా పరాయోళ్లమేనా?" అని. ఇప్పుడు చెప్పండి, ఇద్దర్లో ఎవరికి మర్యాద రాదు?

జగిత్యాల పంతులు:
కాకినాడ తమ్ముడూ, నీ కౌంటర్ ముందుకొచ్చే మనుషులు నాకు బాగా తెలుసు. (నిన్ను "నువ్వు" అంటున్నా, మా పద్ధతిలోనే.) ఒక మాట వరస మొత్తం రాసి చూపిస్తాను:

"నమస్తే సారూ. మొన్న రమ్మన్నవ్, ఇయ్యాల రమ్మన్నవ్. నా కాయిదం జర చూడు సారూ."

క్రియలు మాత్రమే విన్నావనుకో, "రమ్మన్నవ్, చూడు" అని చెవికి గుచ్చుకుంటాయి. కానీ ఆ మనిషి మర్యాదంతా మిగతా చోట పెట్టాడు. వస్తూనే చెయ్యెత్తి "నమస్తే" అన్నాడు, ముసలాళ్లయితే "శనార్తి" అని కూడా అంటారు. మాట మొదట్లో "సారూ", చివర్లో మళ్లీ "సారూ". చూడమనే ముందు "జర" పెట్టి మెత్తబరిచాడు. నువ్వేమో కోస్తా అలవాటుకొద్దీ క్రియ చివర "అండి" ఉందా లేదా అనే చూస్తున్నావు.

అదే మనిషికి కోపమొస్తే "నువ్వు" మారదు, "సారు" పోతుంది. "ఏందయ్యా, గిట్ల ఎన్ని దినాలు తిప్పుతవ్?" అంటాడు. ఆ "ఏందయ్యా" వినబడ్డ రోజు అతని ఫైలు ముందు తియ్యి. మీ దిక్కు ఆ పని "మీరు" నుంచి "నువ్వు"కు దిగడంతో జరుగుతుంది: "ఏంటయ్యా, ఏమనుకుంటున్నావ్?" అని. మా దగ్గర దిగడానికి "మీరు" మొదలే లేదు, అందుకని పిలుపు తీసేస్తారు.

అట్లని మాకు "మీరు" లేదనుకోవద్దు. వియ్యంకుడు గడప తొక్కితే "రాండ్రి, కూసోండ్రి" అనే అంటాం. అన్నకు, సారుకు, బాపుకు మాత్రం రోజూ అది వాడం.

నిజం చెప్పాలి:
మీరు చెప్పినది బాగుంది పంతులుగారూ. అయితే ఇంకో మెట్టెక్కి ఒక మాట అనొచ్చేమో: తెలంగాణలో అందరికీ "నువ్వే" కాబట్టి అక్కడ మాటలో సమానత్వం ఎక్కువ, కోస్తాలో తక్కువ.

జగిత్యాల పంతులు:
ఆ మాట నేను ఒప్పుకోను. నా మనుషుల్ని పొగిడినా సరే. "నీ బాంచన్ దొరా, నీ కాల్మొక్త" అన్నది ఎప్పుడైనా విన్నారా? తెలుగులో అంతకంటే వంగిపోయిన మాట లేదు. కానీ అందులో ఉన్నది "నీ", "మీ" కాదు. గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నిలబడ్డవాడు కూడా దొరను "నువ్వే" అన్నాడు. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో జనం వదిలించుకున్నది "బాంచన్"ను, "దొర"ను. "నువ్వు"ను కాదు. కాబట్టి "నువ్వు" ఉంటే అమర్యాద అన్నదీ తప్పే, "నువ్వు" ఉంటే సమానత్వం అన్నదీ తప్పే.

చూడవలసింది ఇది: ఒకడు ఇచ్చిన పిలుపు అతనికి తిరిగి వస్తుందా, రాదా? రైతు "సారూ, నువ్వు" అంటే నువ్వు కూడా "పెద్దనాయినా, నువ్వు రేపు రా" అన్నావనుకో, లెక్క సరిపోయింది. దొర మాత్రం "ఏరా ఎల్లిగా" అనేవాడు. ఎల్లయ్య అని పేరున్నవాడు గడీ ముందు ఎల్లిగాడయ్యేవాడు.

సిక్కోలు అప్ప:
అందరూ నువ్వు, మీరు అని కొట్టుకుంటున్నారు గానీ అసలు పలకరింపు గురించి ఎవరూ చెప్పరేటి? మా శ్రీకాకుళంలో బయల్దేరిన మనిషిని "ఎక్కడికి?" అని అడిగితే పని చెడుతుందని మా నాన్నమ్మ కసిరేది. "ఎంతవరకు?" అనాలి. ఈ హైదరాబాదులో లిఫ్టులో కనబడ్డ ప్రతివాడూ "ఎక్కడికి పోతున్నవ్ అక్కా" అంటాడు. నాకు అదే ఎక్కువ చిరాకు.

ఇంకో తమాషా. మా వైపు అప్ప అంటే అక్క. మా ఆఫీసులో ఒక అనంతపురం అబ్బాయి మగాళ్లందర్నీ "ఏమప్పా, రాప్పా" అంటుంటే మొదట్లో నాకు నవ్వాగేది కాదు.

అనంతపురం అల్లుడు:
నవ్వుకోప్పా, నవ్వుకో!

భీమవరం కోడలు:
అందరూ "అండి"ని ఏదో షోకు అన్నట్టు మాట్లాడుతున్నారు. మా గోదావరి జిల్లాల్లో అది ఊపిరిలాంటిది. "ఆయ్, అలాగేనండి" అన్నప్పుడు అందులో వినయం ఎంతో, చనువూ అంతే ఉంటుంది. పక్కింటివాళ్లతో ముప్పై ఏళ్ల స్నేహం తర్వాత కూడా "అండి" అనే అంటాం, దూరం అనిపించదు. అసలు మొగుడూ పెళ్లాం దెబ్బలాడుకున్నప్పుడు చూడాలి, "తమరు చెబితే వినకపోవడమా" అని మా ఆయన అన్నాడంటే ఆ పూట ఇంట్లో మాటలుండవు. మర్యాద ఎక్కువైనా తిట్టే.

కానీ పంతులుగారు చెప్పిన తిరిగి రావడం మాట మాకూ తగులుతుంది. మా మావగారి చేలో పనిచేసిన ముసలాయన ఇంట్లో పదేళ్ల పిల్లాడిని కూడా "బాబుగారండి" అనేవాడు. ఆ పిల్లాడు ఆయన్ని "ఒరేయ్" అనేవాడు. మా అత్తగారు ఒకరోజు పిల్లాడి చెవి మెలేసి "తాత అనాలి" అని చెప్పింది. అప్పట్నుంచి "తాతా, రా" అన్నాడు. "తాతగారూ, రండి" అని మాత్రం ఆ ఇంట్లో ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. "అండి" మా ఊళ్లో అందరి నోటా ఉంది. అందరి చెవికీ వెళ్లలేదు.

ఒక్కటి మాత్రం తెలంగాణవాళ్లని అడగాలి. ఆడవాళ్ల సంగతేంటి? "సారు వచ్చిండు" అంటే కనీసం మనిషిలా ఉంటుంది. "మేడమ్ వచ్చింది" అంటే, ఆవు వచ్చినా "వచ్చింది", బస్సు వచ్చినా "వచ్చింది"! "మేడమ్ వచ్చారు" అంటే పోయేదేముంది?

జగిత్యాల పంతులు:
అక్కా, "ఆమె వచ్చింది" మీ దగ్గరా ఉంది కదా. ఆ కొరత తెలుగు వ్యాకరణానిది. మీరు "వచ్చారు"తో దాటేస్తారు, మేము సొంతవాళ్ల దగ్గర దాటం. కానీ మీరన్నదాంట్లో నిజముంది. మా బడిలో హెడ్మాస్టరు మగాయన అయితే "సారొచ్చిండు", ఆడామె అయితే "మేడమొచ్చింది" అంటారు పిల్లలు. పిలుపులో ఇద్దరికీ ఒకే గౌరవం. క్రియలో ఆమెకు ఒక మెట్టు కిందే. దీనికి నా దగ్గర జవాబు లేదు.

నిజం చెప్పాలి:
ఇలా క్రియ చివర చూసి మర్యాద కొలవడానికి పేపర్లు కూడా కారణం. మంత్రి అయితే "అన్నారు", దొంగ అయితే "పట్టుబడ్డాడు". పొద్దున్నే ఇది చదివినవాడికి "డు" వినబడితే దొంగే గుర్తొస్తాడు. పేపరు భాష, పుస్తకాల భాష ఎక్కువగా కృష్ణా, గుంటూరు, గోదావరి మాట మీద కుదురుకున్నాయి. మా అందరి చెవులూ ఆ కొలతకే అలవాటుపడ్డాయి.

కాకినాడ కౌంటర్:
అందరికీ ధన్యవాదాలండి. రైతుల విషయంలో నాకిప్పుడు ఇబ్బంది లేదు, ఆ "జర" ఇవాళే విన్నాను. కానీ క్లర్కు సంగతి వేరు. అతను నాతో "నువ్వు" అంటాడు, హైదరాబాదు నుంచి రీజినల్ మేనేజర్ ఫోన్ చేస్తే మాత్రం "మీరు చెప్పండి సార్" అంటాడు. అంటే "మీరు" వచ్చు. నా దగ్గర వాడడం లేదు. దీన్నేమనాలి?

జగిత్యాల పంతులు:
ఫోన్లో ఉన్నది ఆఫీసు తెలుగు. నువ్వు పక్క కుర్చీలో ఉన్న మనిషివి. చాయ్ తెస్తే నీకూ తెస్తున్నాడా లేదా?

కాకినాడ కౌంటర్:
తెస్తున్నాడు.

భీమవరం కోడలు:
చాయ్ తెస్తే సరిపోతుందా? పంతులుగారూ, అంత తేలిగ్గా వదలకండి. పైవాడికి "మీరు", పక్కవాడికి "నువ్వు" అని అతను లెక్క చూసే వాడుతున్నాడు. కోస్తావాళ్లం మేం చేసేదీ అదే. దీన్ని చనువని మీరు ఎలా తేల్చారు?

సిక్కోలు అప్ప:
అతన్నే అడగొచ్చు కదా బాబూ.

అనంతపురం అల్లుడు:
అడిగితే రేపట్నుంచి "మీరు" అంటాడు. అప్పుడు ఇంకో ప్రశ్న పెడతావు నువ్వు.