ఎఫ్‌కే భుజం కంట్రోల్‌కి ఆయిలరా, క్వాటర్నియనా?

కొత్తఫ్రేమ్: మాయాలో మోకాప్‌ని ఎఫ్‌కే భుజం కంట్రోల్ మీదికి బేక్ చేశాను. రొటేట్ ఆర్డర్ xyz, ఎముక పొడవు X వెంట. ప్రతి ఫ్రేములో కీ ఉన్నంతసేపు చేయి చక్కగా పైకి లేస్తోంది. 10, 20 ఉంచి మధ్య కీలు తీసేస్తే 15వ ఫ్రేములో చేయి పక్కకి పోతోంది, అరచేయి తిరగబడుతోంది. 10లో (0, 60, 0), 20లో (-180, 60, 180). ఇది గింబల్ లాకేనా? క్వాటర్నియన్‌కి మార్చేయమని ఒకరు, ఆయిలర్ ముట్టుకోవద్దని మా లీడ్. ఎవరి మాట వినాలి?

పిక్సెల్‌రాజు: పక్కా గింబల్ లాక్ బ్రో. మూడు కర్వులూ సెలెక్ట్ చేసి Curves > Change Rotation Interp లో Quaternion Slerp పెట్టు, పోతుంది. క్వాటర్నియన్‌లో ఫ్లిప్ అనే మాటే ఉండదు. ఈ రోజుల్లో కూడా ఆయిలర్ ఎందుకు వాడతారో నాకు అర్థం కాదు.

ఎముకలగూడు: రాజు గారూ, మీరు చెప్పింది పెడితే ఈ షాట్ వరకు చేయి సరిగ్గానే వెళ్తుంది. కారణం మాత్రం అది కాదు. ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి.

20వ ఫ్రేములో చేయి నిజంగా ఉన్న చోటు (0, 120, 0). బేక్ చేసేటప్పుడు మాయా మ్యాట్రిక్స్ నుంచి కోణాలు వెనక్కి లాగుతుంది. xyz లో మధ్య అక్షం Y కాబట్టి దాన్ని -90 నుంచి 90 లోపలే ఇస్తుంది. 120 అందులో పట్టదు. అందుకని అదే భంగిమకి ఉన్న రెండో పేరు రాస్తుంది. xyz కి సూత్రం ఇది:

```
(x, y, z)  =  (x + 180, 180 - y, z + 180)
```

(0, 120, 0) కి ఇది వేస్తే (180, 60, 180) వస్తుంది. X లోంచి 360 తీసేస్తే మీ కీ. భంగిమ తప్పు కాదు, అంకెలే వేరు. ఫ్రేము ఫ్రేముకీ కీ ఉన్నప్పుడు మీకు తేడా కనపడనిది అందుకే. మోషన్ బ్లర్ వేస్తే ఆ ఒక్క ఫ్రేము దగ్గర అప్పుడు కూడా బయటపడుతుంది, ఎందుకంటే అది రెండు ఫ్రేముల మధ్య విలువ అడుగుతుంది.

ఇప్పుడు మధ్య కీలు తీసేశారు. మూడు కర్వులూ ఎవరి దారిన వాళ్లు సగానికి వస్తారు. 15లో (-90, 60, 90). కావలసింది (0, 90, 0). లెక్క కట్టి చూస్తే చేయి ఉండాల్సిన చోటు నుంచి సరిగ్గా 30 డిగ్రీలు పక్కకి వాలి, తన పొడవు చుట్టూ 180 తిరిగి ఉంటుంది. మీరు చూసింది అదే. అదే 20లో X కి +180 వచ్చి ఉంటే 15లో (90, 60, 90) అయ్యేది: అప్పుడూ 30 డిగ్రీల వాలు ఉంటుంది, అరచేయి మాత్రం తిరగబడదు. +180, -180 లలో ఏది రావాలన్నది దశాంశం చివర ఉండే చెత్త మీద ఆధారపడుతుంది. అందుకే ఒకే రిగ్‌లో ఒక షాట్ బాగుండి ఇంకోటి చెడుతుంది.

మందు: మూడు కర్వులకీ ఒకే ఫ్రేముల్లో కీలు ఉండాలి. *మధ్య కీలు తీసేయకముందే* మూడూ కలిపి Curves > Euler Filter.

```
filterCurve -f euler upArm_FK_ctrl_rotateX upArm_FK_ctrl_rotateY upArm_FK_ctrl_rotateZ;
```

ముందు కీకి దగ్గరగా ఉన్న పేరు ఎంచుకుంటూ పోతుంది, 20లో (0, 120, 0) వస్తుంది. ఒక్క X కర్వు పట్టుకుని 360 కలిపితే లాభం లేదు. ఇక్కడ మూడూ ఒకేసారి మారాలి.

పిక్సెల్‌రాజు: సరే, పేరు మారింది. కానీ Y 90 దాటుతోంది కదా. లాక్ లేదంటారా?

ఎముకలగూడు: ఉంది, కానీ ఆ 15వ ఫ్రేముని చెడగొట్టింది అది కాదు. ఫిల్టర్ వేశాక (0, 60, 0) నుంచి (0, 120, 0) కి వెళ్లేటప్పుడు కూడా 90 దాటుతుంది, చేయి ఏమీ అనదు. లాక్ కష్టం యానిమేటర్ చేతికి తగిలేది. రొటేట్ టూల్‌లో Axis Orientation ని Gimbal చేసి Y ని 90 దగ్గర పెట్టండి: X రింగూ Z రింగూ ఒకదాని మీద ఒకటి పడతాయి. అక్కడ (30, 90, 0), (0, 90, -30) రెండూ ఒకటే భంగిమ. మూడో వైపు చేయి కదపాలంటే తిప్పడానికి రింగే మిగలదు. మీ Quaternion Slerp దీన్ని మార్చదు. అది కీల మధ్య దారిని మారుస్తుంది, చానళ్లు ఆయిలర్‌గానే ఉంటాయి.

బొమ్మలకొలువు: నా అనుభవం దీనికి వ్యతిరేకం, నేను బ్లెండర్ వాడతాను. పోజ్ బోన్లు మొదటి నుంచీ క్వాటర్నియనే. అయినా రెండు కీల మధ్య మణికట్టు గిర్రున తిరుగుతోంది. క్వాటర్నియన్‌లో ఫ్లిప్ ఉండదన్నారు కదండీ?

ఎముకలగూడు: ఉంటుందండి, వేరే రూపంలో. q, -q రెండూ ఒకే భంగిమ. గ్రాఫ్ ఎడిటర్‌లో W, X, Y, Z నాలుగు కర్వులూ ఆ రెండు కీల మధ్య ఒకేసారి సున్నా గీత దాటి అటువైపుకి వెళ్తున్నాయా చూడండి. వెళ్తుంటే రెండో కీలో నాలుగు విలువలకీ గుర్తు మార్చండి, దగ్గరి దారి పడుతుంది. Discontinuity (Euler) Filter దీనికి పనిచేయదు. ఇంకో మాట: బ్లెండర్ ఇక్కడ స్లెర్ప్ చేయదు. నాలుగు కర్వులూ విడివిడిగా నడిచి, ఆ తర్వాత పొడవు సరిచేస్తుంది. హ్యాండిల్స్ ముట్టుకోకుండా సూటి గీతలుగా ఉంచితే దారి ఒకటే, వేగం తేడా. కీల మధ్య 90 డిగ్రీలు ఉంటే పావు దారిలో 22.5 బదులు 21.6, ఎవరికీ కనపడదు. 180 ఉంటే 45 బదులు 36.9, అది కనపడుతుంది. కాబట్టి పెద్ద తిప్పుకి మధ్యలో ఒక కీ పెట్టండి. నాలుగింట్లో ఒక్కదాని హ్యాండిల్ లాగారో, దారే వంకర.

గ్రాఫ్‌గీతలు: నేను కొత్తఫ్రేమ్ లీడ్ పక్షం. షాట్ నోట్ వచ్చాక "మోచేయి 4 ఫ్రేములు ఆలస్యంగా లాగు, చివర కొంచెం దాటించి వెనక్కి తే" అంటే ఆయిలర్‌లో ఒక కర్వు పట్టుకుని పని అయిపోతుంది. క్వాటర్నియన్‌లో ఏ గీత ఏం చేస్తుందో చూసి చెప్పలేం. చక్రం 720 తిరగాలంటే రెండు కీల క్వాటర్నియన్‌తో ఆ పని జరగనే జరగదు. రొటేట్ ఆర్డర్ రిగ్ కట్టేటప్పుడే తేల్చాలి: తక్కువ తిరిగే అక్షం మధ్యలో ఉండాలి. ఈ చేతికి Z తక్కువైతే xzy పెట్టండి, Y బయటికి పోతుంది.

కొత్తఫ్రేమ్: ఫిల్టర్ పనిచేసింది, మధ్య కీలు తీసినా చేయి నిలకడగా ఉంది. ఇప్పుడు rotateOrder ని xzy చేశాను, అన్ని కీలూ చెదిరిపోయాయి!

గ్రాఫ్‌గీతలు: అన్‌డూ చేయండి. ఆర్డర్ మార్చితే మాయా ఉన్న అంకెల్నే కొత్త వరుసలో చదువుతుంది, భంగిమని కాపాడదు. ముందు ఒక లొకేటర్‌ని కంట్రోల్‌కి కన్‌స్ట్రెయిన్ చేసి బేక్ చేయండి. కంట్రోల్ కీలు తీసేసి ఆర్డర్ మార్చి, దాన్ని లొకేటర్‌కి ఓరియంట్ కన్‌స్ట్రెయింట్ చేసి మళ్లీ బేక్ చేయండి. ఆ పైన మళ్లీ ఆయిలర్ ఫిల్టర్.

ఎముకలగూడు: మెడ, నడుముకి ఆర్డర్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. తల పక్కకి వంగడం 90 దాటదు, ఆ అక్షాన్ని మధ్యలో పెడితే చాలు. భుజం దగ్గర నేను ఒప్పుకోను. చేయి పైకీ, ముందు నుంచి వెనక్కీ, తన చుట్టూ కూడా బాగా తిరుగుతుంది. మధ్యలో ఏది పెట్టినా ఏదో ఒక షాట్‌లో 90 దగ్గరికి వస్తుంది. పైనొక ఖాళీ గ్రూప్‌ని ఆఫ్‌సెట్ కంట్రోల్‌గా ఇచ్చి, లాక్ దగ్గరపడ్డ షాట్‌లో భంగిమలో కొంత దాని మీద పెట్టడం మేలు.

గ్రాఫ్‌గీతలు: రెండు కంట్రోళ్ల మీద కర్వులు పడితే రివిజన్‌లో ఏది ఎక్కడుందో వెతుక్కోవాలి. దానికన్నా షాట్‌కి తగ్గ ఆర్డర్ యానిమేటర్ మార్చుకునే స్విచ్ నయం. మొదటి కీ పెట్టకముందే మార్చాలి, అంతే.

పిక్సెల్‌రాజు: మొదటి కీకి ముందే ఏ షాట్ ఎటు తిరుగుతుందో ఎవరికి తెలుసు? మోకాప్‌లో అయితే అసలే తెలియదు.

ఎముకలగూడు: మోకాప్‌లో అయితే తెలుసుకోవచ్చు, డేటా ముందే చేతిలో ఉంటుంది. బేక్ చేసి, ఫిల్టర్ వేసి, మధ్య చానల్ ఎన్ని ఫ్రేములు 70 నుంచి 110 మధ్య ఉందో చూడండి. ఎక్కువసేపు ఉంటే ఆర్డర్ మార్చి మళ్లీ బేక్. చేతితో చేసే కీఫ్రేమింగ్ సంగతి అడిగితే రాజు గారి ప్రశ్నకి నా దగ్గర ఆఫ్‌సెట్ గ్రూప్ తప్ప వేరే జవాబు లేదు.