పాత ఓవర్‌టైమ్ బకాయికి 12 నెలల గడువా, 3 ఏళ్లా?

2024 జూన్ నుంచి 2025 మార్చి వరకు హైదరాబాద్ దగ్గర ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్‌గా చేశాను. 12 గంటల షిఫ్టు, మధ్యలో గంట భోజనం. అంటే రోజుకు 11 గంటలు, వారానికి 66. పరిమితి 48 కాబట్టి 18 గంటలు ఓవర్‌టైమే.

బేసిక్, అలవెన్సులు కలిపి నెలకు 15,600. 26 రోజులకు, రోజుకు 8 గంటలకు భాగిస్తే గంటకు 75 రూపాయలు. ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ ప్రకారం రెట్టింపు, అంటే 150 రావాలి. వాళ్లిచ్చింది 50. వారానికి 1,800 పోయింది. పైగా హాజరు రిజిస్టర్‌లో అందరికీ 8 గంటలే రాశారు! నా దగ్గర పంచింగ్ మెషిన్ తెర ఫోటోలు, సూపర్‌వైజర్ షిఫ్టు మార్చమని పంపిన వాట్సాప్ మెసేజ్‌లు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ ఉన్నాయి.

పాత వేతన చెల్లింపు చట్టంలో క్లెయిముకు 12 నెలలే గడువు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతన కోడ్‌లో 3 ఏళ్లు. నా పని అంతకు ముందుది. ఏ గడువు లెక్క? ఇలాంటి కేసు నడిపినవాళ్లు ఎవరైనా ఉన్నారా? రిజిస్టర్ తప్పని ఆ ఫోటోలతో నిలబెట్టొచ్చా, తోటి కార్మికుల సాక్ష్యం కూడా కావాలా? వాళ్లింకా అక్కడే పనిచేస్తున్నారు, అడగాలంటే జంకుగా ఉంది.