దుకాణం పాలసీలో అల్లర్ల కవర్ తీసేయొచ్చా?

కోనసీమ_బట్టలు:
అమలాపురంలో నాకు రెడీమేడ్ బట్టల కొట్టుంది. సరుకు 60 లక్షలు, ర్యాకులు, ఏసీలు కలిపి మరో 10 లక్షలు. రెన్యువల్‌కి ఏజెంటు రెండు కొటేషన్లు పంపాడు. ఆర్‌ఎస్‌ఎండీ, అంటే అల్లర్లు, సమ్మె, కక్షతో చేసే నష్టం, తీసేస్తే ఏడాదికి 1,400 తగ్గుతుందట. "పదేళ్లలో ఒక్క క్లెయిమైనా చేశారా సార్" అంటున్నాడు. 2022 మే 24న మా ఊళ్లో మంత్రిగారి ఇల్లు, ఎమ్మెల్యేగారి ఇల్లు తగలబడటం చూసినవాణ్ణి, అందుకే ఆగాను. తీసేయొచ్చా? అంత ముఖ్యమైనదైతే ఇష్టముంటే తీసుకో, లేకపోతే మానెయ్ అని ఎందుకు పెట్టారు?

మిర్చియార్డు:
తీసేయండి. కొట్టు కాలితే ఫైర్ కింద ఎలాగూ వస్తుంది. నిప్పు ఎవడు పెట్టాడన్నది మనకనవసరం, మనం పెట్టకపోతే చాలు. సుప్రీంకోర్టు 2020లో కెనరా బ్యాంక్, యునైటెడ్ ఇండియా కేసులో చెప్పింది ఇదే. రైతులు సరుకు దాచుకున్న కోల్డ్ స్టోరేజీ కాలిపోయిన కేసు అది. మా యార్డులో అందరికీ తెలుసు.

పాతసర్వేయర్:
మిర్చియార్డు గారూ, తీర్పు నిజమే, మీరు వాడిన చోటే తేడా. అక్కడ మంట గురించిన గొడవ అది ఎలా పుట్టిందన్న దాని మీద. అల్లర్ల కవర్‌ని డబ్బు తగ్గుతుందని చెప్పి చేతులారా తీసేసుకున్న పాలసీ గురించి కాదు. తీసేసినప్పుడు పాలసీకి ఒక కాగితం జతచేస్తారు. అల్లరిమూక వల్ల జరిగిన నష్టం, అది మంట రూపంలో వచ్చినా సరే, ఇవ్వం అని అందులో రాసి ఉంటే మీ ఫైర్ కవర్ ఆ రాత్రికి పనిచేయదు. ఆ కాగితం చదవకుండా 1,400 మిగిలిందని సంతోషపడొద్దు.

కోనసీమ_బట్టలు గారూ, మీ మొత్తం 70 లక్షలే కదా. 5 కోట్ల లోపు వ్యాపారాలకు 2021 ఏప్రిల్ నుంచి 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' అని ఒక ప్రామాణిక పాలసీ ఉంది. మీ ఏజెంటు పంపినవి ఏవో ప్యాకేజీ పాలసీల్లా ఉన్నాయి. ముందు దీని కొటేషన్ అడగండి. ఎందుకో కింద చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

గోదారిగట్టు:
నా బండి బంద్ రోజు కాల్చేశారండి. బండి ఇన్సూరెన్స్‌లో కూడా ఈ ఆర్‌ఎస్‌ఎండీ విడిగా తీసుకోవాలా?

బ్రోకర్‌బాబు:
గోదారిగట్టు గారూ, ఇక్కడి చర్చ కొట్ల గురించి. బండికి మీది ఓన్ డ్యామేజ్ ఉన్న పాలసీ అయితే అల్లర్లు, సమ్మె, కక్షతో చేసే నష్టం అందులోనే ఉంటాయి. ఒట్టి థర్డ్ పార్టీ అయితే ఏమీ రాదు. ఎఫ్‌ఐఆర్ కాపీ తీసిపెట్టుకోండి.

పాతసర్వేయర్:
2021కి ముందు నేను చేసిన ఒక సర్వే. గోదావరి జిల్లాల్లోనే ఒక ఊరు, మీలాగే బట్టల కొట్టు. ఊరేగింపులో గొడవై మూక షట్టర్ విరగ్గొట్టి లోపలికి దూరింది. కాసేపటికి నిప్పు పెట్టారు. పాత స్టాండర్డ్ ఫైర్ పాలసీ, ఆర్‌ఎస్‌ఎండీ ఉంది. ఓనరు ధీమాగా ఉన్నాడు.

లెక్క ఇలా కట్టాను. ఏడాది మొదట్లో సరుకు 42 లక్షలు. ఆ రోజు దాకా కొన్నది 31. అమ్మిన సరుకు, లాభం తీసేసి కొన్న ధరలో, 27. అంటే కొట్టులో 46 లక్షల సరుకు ఉండాలి. మంట అందని వెనక గదిలో 23 లక్షల సరుకు బాగానే ఉంది. మిగతా 23 లక్షలు లేవు. అంతా కాలిపోయిందని ఓనరు రాసిచ్చాడు.

నేను బూడిదలో కూర్చున్నాను. బట్ట పూర్తిగా కాలినా జిప్పులు, ప్యాంటు హుక్కులు, హ్యాంగర్ కొక్కేలు మిగులుతాయి. గట్టిగా కట్టిన మూటలు పైన మాడి లోపల మడతలు అలాగే ఉంటాయి. ముందు వైపు ర్యాకుల కింద ఇవన్నీ దొరికాయి. ఎడమ గోడ ర్యాకుల దగ్గర ఏమీ లేవు. ఆ చెక్కల్ని చూస్తే అసలు సంగతి తెలిసింది. మంట వచ్చే వేళకు చెక్క మీద చీరల దొంతర ఉంటే, దాని కింది భాగానికి మసి అంటదు, దొంతర ఆకారంలో శుభ్రంగా ఉంటుంది. ఈ చెక్కలు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నల్లగా ఉన్నాయి. మంటకు ముందే అవి ఖాళీ అయ్యాయన్నమాట. ఆ ర్యాకుల్లో ఉన్నవి 9 లక్షల పట్టుచీరలు.

కాలిన 14 లక్షలకు, పగిలిన అద్దాలు, ఏసీలు, ర్యాకులకు ఇంకో 3 లక్షలకు రిపోర్టు రాశాను. ఆ 9 లక్షలు రాలేదు. పాత పాలసీలో ఆర్‌ఎస్‌ఎండీ ఉన్నా దొంగతనం, లూటీ ఇవ్వరు, అది అల్లర్ల మధ్యలో జరిగినా సరే అని స్పష్టంగా రాసుంది. ఆయనకు విడిగా దొంగతనం పాలసీ కూడా ఉంది. అందులో అల్లర్ల సమయంలో పోతే ఇవ్వం అని ఉంది, దానికి అదనంగా కట్టి తీసుకునే ఎక్స్‌టెన్షన్ ఆయన తీసుకోలేదు. రెండు పాలసీలకూ ప్రీమియం కట్టాడు, రెండింటి మధ్యనున్న సందులో చీరలు పోయాయి. కన్స్యూమర్ కోర్టుకు వెళ్లాడు పాపం.

సూక్ష్మ ఉద్యమ్ అడగమన్నది అందుకే. అందులో అల్లర్లు కవరయ్యే ఘటనల జాబితాలోనే ఉన్నాయి. ఆ ఘటన వల్లే జరిగిన దొంగతనం 7 రోజుల లోపు అయితే దానికీ ఇస్తారు.

కోనసీమ_బట్టలు:
చీరల సంగతి చదివి భయం వేసింది. కానీ నా రెండో ప్రశ్నకు ఎవరూ చెప్పలేదు.

బ్రోకర్‌బాబు:
మామూలుగా ఒక కొట్టులో షార్ట్ సర్క్యూట్ అయితే మహా అయితే పక్క కొట్టు దాకా పాకుతుంది. అల్లర్లు అలా కాదు. 1988 డిసెంబర్‌లో రంగా హత్య తర్వాత విజయవాడ గుర్తుందా? ఒకే దెబ్బకు బజార్లకు బజార్లు. వంద కొట్లకు ఒకే కంపెనీ పాలసీ ఇచ్చి ఉంటే వంద క్లెయిములూ ఒకే రోజు వస్తాయి. అందుకే కంపెనీకే ఇన్సూరెన్స్ ఇచ్చే రీఇన్సూరెన్స్ వాళ్లు దీన్ని వేరే ముక్కగా చూస్తారు, వేరే లెక్క కడతారు. వేరే ధర ఉన్నదాన్ని విడదీసి అమ్మడం తేలిక.

రెండోది, ఊరికి దూరంగా చేలమధ్య ఉన్న రైస్ మిల్లువాడు మెయిన్ రోడ్డు కొట్టువాడి అల్లర్ల ప్రీమియం ఎందుకు కట్టాలి అన్న వాదన. అలా అల్లర్ల కవర్ వద్దనుకోవడం కూడా పాలసీ మొదలయ్యే రోజునే చేయాలి అని పాత టారిఫ్‌లో, అంటే అన్ని కంపెనీలకూ ఒకటేగా ఉన్న రేట్ల, నిబంధనల పట్టికలో, పెట్టారు. లేకపోతే ఊళ్లో కర్ఫ్యూ అనగానే అందరూ కవర్ కొంటారు, సద్దుమణగ్గానే తీసేస్తారు.

ఇంకో మెలిక. 2001 సెప్టెంబర్ 11 తర్వాత ఉగ్రవాద నష్టాన్ని దీన్నుంచి విడదీశారు. 2002లో దానికి ప్రభుత్వ రీఇన్సూరెన్స్ కంపెనీ జీఐసీ రీ నిర్వహణలో ఒక పూల్, అంటే కంపెనీలన్నీ కలిసి నష్టం పంచుకునే నిధి, ఏర్పడింది. స్టాండర్డ్ ఫైర్ పాలసీలో ఆర్‌ఎస్‌ఎండీ తీసేసినవాళ్లకు ఆ ఉగ్రవాద కవర్ ఇవ్వరు. ఒకటి వదిలితే రెండోదీ పోయినట్టే.

మిర్చియార్డు:
బ్రోకర్‌బాబు గారూ, రైస్ మిల్లువాడి మీద జాలి బాగానే ఉంది. కానీ మిల్లులవాళ్లందరూ తప్పుకుంటే మిగిలేది మెయిన్ రోడ్డు వాళ్లే. అప్పుడు మా ధర పెంచుతారు. ప్రమాదమున్నవాడికి ఖరీదు, లేనివాడికి అక్కర్లేదు అయితే ఇక ఇన్సూరెన్స్ ఏమిటి? అందరి మీదా తలా కొంచెం వేస్తేనే కదా తేలికయ్యేది.

బ్రోకర్‌బాబు:
దానికి నా దగ్గర గట్టి జవాబు లేదండి. చిన్న వ్యాపారాల ప్రామాణిక పాలసీలో అల్లర్లని జాబితాలోనే పెట్టడం వెనక ఉన్నది మీ వాదనే కావచ్చు. పెద్ద ఫ్యాక్టరీలకు మాత్రం ఎంచుకునే హక్కు ఉండాలనే నేనంటాను.

పాలకేంద్రం:
పెద్ద ఫ్యాక్టరీ కాదు గానీ నా గోడు వినండి. మాది పాల చిల్లింగ్ కేంద్రం. పనివాళ్లు సమ్మె చేశారు, రెండు రోజులు ఎవరూ రాలేదు, ట్యాంకులో పాలు విరిగిపోయాయి. పాలసీలో 'సమ్మె' అని అచ్చేసి ఉంది కదా అని క్లెయిమ్ వేశాను. ఒక్క రూపాయి రాలేదు. మరి సమ్మె అన్న మాట ఎందుకు పెట్టినట్టు?

పాతసర్వేయర్:
అమ్మా, ఆ మాట చాలామందిని మోసం చేస్తుంది. ఆ కవర్ ఇచ్చేది బయటి నుంచి బలవంతంగా, కంటికి కనిపించేలా వస్తువుకు జరిగిన దెబ్బకు. సమ్మెలో ఉన్నవాళ్లు మీ ట్యాంకు పగలగొడితే వస్తుంది. పని ఆగిపోవడం వల్ల పాలు పాడైతే రాదు, అది మినహాయింపుల్లో మొదటిదే. గేటు ముందు కూర్చుని మిమ్మల్ని లోపలికి రానివ్వకపోయినా రాదు.

ఇంకొకటి చెప్పాలి, ఎవరూ అడగకపోయినా. నా సర్వీసులో అల్లర్ల క్లెయిములు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎక్కువ వచ్చినవి ఆర్‌ఎస్‌ఎండీలో మూడోదైన భాగం కిందివి, కక్షతో చేసినవి. పనిలోంచి తీసేసిన కుర్రాడు, పొలం గట్టు గొడవ, అన్నదమ్ముల పంపకాలు. రాత్రికి రాత్రి గడ్డివామికో గోడౌన్‌కో నిప్పు. ఏజెంటు ఆర్‌ఎస్‌ఎండీ తీసేయమన్నప్పుడు ఆ మూడో భాగం కూడా కొట్టుకుపోతుందని చెప్పడు. ఉన్నా సులువు కాదు. ఇది కక్షతో చేసింది కాదని కంపెనీ అంటే, అవునని రుజువు చేయాల్సింది మీరే అని పాత పాలసీ మాట. అందుకే ఎఫ్‌ఐఆర్ ఆలస్యం చేయొద్దంటాను. ఎవరి మీద అనుమానమో చెప్పడానికి మొహమాటపడి 'గుర్తు తెలియని కారణం' అని రాయిస్తారు, తర్వాత ఆ కాగితమే అడ్డం తిరుగుతుంది.

మిర్చియార్డు:
సరే, మూడో భాగం సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటా. కానీ నిప్పు నిప్పేనన్న మాట మీద ఇప్పటికీ నిలబడతాను. ఎవడో చీకట్లో అంటించి పోతే, అది అల్లరి అని కంపెనీ ముందు తేల్చాలి కదా?

పాతసర్వేయర్:
అక్కడ మీ వాదనకు బలముంది. మూక ఊరంతా చూస్తుండగా వస్తే తేల్చడం వాళ్లకు కష్టం కాదు. ఒక్కడు చీకట్లో వచ్చి పోతే మాత్రం లాయర్లు రెండు వైపులా వాదిస్తారు. ఆ వాదన మీ డబ్బుతో ఆడి చూడటం ఎందుకన్నదే నా బాధ.

కోనసీమ_బట్టలు:
ఏజెంటుకు ఫోన్ చేశాను. తీసేస్తే జతచేసే కాగితం ముందు పంపమన్నాను, "అది పాలసీతోనే వస్తుంది సార్" అన్నాడు. సూక్ష్మ ఉద్యమ్ కొటేషన్ కూడా అడిగాను, సోమవారం ఇస్తానన్నాడు. రాత్రి మా ఆవిడా నేనూ సరుకు లెక్క మొదలుపెట్టాం. బిల్లుల ఫోటోలు, కంప్యూటర్ బ్యాకప్ కొట్టులో కాకుండా ఇంట్లో పెడుతున్నాం. సీసీటీవీ పెట్టె మాత్రం ఇంకా క్యాష్ కౌంటర్ కిందే ఉంది, దాన్ని ఎక్కడికి మార్చాలో ఎవరైనా చెప్పండి.