37 మంది, రెండు పేజీలు: క్లాసు ఫోటోల పేజీ ఎలా సర్దాలి?

చింతలతోట: "మా 10వ తరగతిలో 37 మంది పిల్లలు. ఫిబ్రవరి వీడ్కోలు సభకి సావనీర్ వేస్తున్నాం. A4 సైజు, ఎదురెదురుగా రెండు పేజీలు ఇచ్చారు. ఒక్కొక్కరి ఫోటో, పేరు, రెండు ముక్కల్లో వాళ్ళ మాట. ఎలా పేర్చినా ఒకరు చివర్లో ఒంటరిగా మిగిలిపోతున్నారు. ఏం చెయ్యాలి?"

డీటీపీ_కృష్ణలంక: అడ్డంగా 4, నిలువుగా 5 గదులు గీయండి. పేజీకి 20 చొప్పున మొత్తం 40. కుట్టు వైపు 18 మి.మీ., బయటి వైపు 12 మి.మీ. వదిలేస్తే వెడల్పు 180 మిగులుతుంది. గదికీ గదికీ మధ్య 6 మి.మీ. సందు పెడితే ఒక్కో గది వెడల్పు 40.5 వస్తుంది. పైన శీర్షికకి 30, కింద 15 తీసేస్తే ఎత్తు 45.6. ఇందులో ఫోటో 24×30, మిగతా 15.6లో పేరు ఒక వరస, మాట రెండు వరసలు.

ఇక మిగిలే మూడు గదులు. వాటిని చివర్లో ఖాళీగా వదిలితేనే ఆ ఆఖరి పిల్లవాడు ఒంటరివాడవుతాడు. మూడింటినీ మొదటి పేజీ మొదటి వరసలోకి తెచ్చేయండి. రెండు గదులు కలిపి "10వ తరగతి" అన్న శీర్షిక, మూడోది క్లాస్ టీచర్. నాలుగో గది నుంచి పిల్లలు మొదలవుతారు. చివరి వరస నిండుగా ముగుస్తుంది.

గోదారిగట్టు: శీర్షిక గదుల్లోకి దిగిపోయిందంటే పైన ఆ 30 మి.మీ. అక్కర్లేదుగా? 15 చాలు. ఒక్కో వరసకి 3 మి.మీ. కలిసొస్తుంది.

డీటీపీ_కృష్ణలంక: మంచి మాట, నేను చూసుకోలేదు. గది ఎత్తు 48.6 అవుతుంది. ఆ మూడూ ఫోటోకే ఇవ్వండి, 26.4×33 చేయండి. అక్షరాలకి ఇచ్చినా మూడో వరస పట్టదు.

నూటికి_నూరు: ఆ మూడు గదులకి ఇంతకంటే మంచి ఉపయోగం ఉందండీ. క్లాసులో మొదటి ముగ్గురికీ రెండేసి గదులివ్వండి. మూడు రెళ్ళు ఆరు, మిగతా 34 మంది, మొత్తం సరిగ్గా 40. ఎవరూ ఒంటరిగా మిగలరు, శీర్షిక యథాప్రకారం పైనే ఉంటుంది. కష్టపడ్డ పిల్లలు కాస్త పెద్దగా కనిపిస్తే తప్పేముంది?

పసుపుకొమ్ము: ఐడీ కార్డులకైతే ఫోటో 25×30 పెట్టించండి, పీవీసీ మీద చక్కగా వస్తుంది.

చింతలతోట: ఐడీ కార్డులు కావండీ, సావనీర్ పేజీ. నూటికి_నూరు గారూ, లెక్క కుదురుతోంది. మా వాళ్ళకీ నచ్చేలా ఉంది.

డీటీపీ_కృష్ణలంక: లెక్క కుదిరితే పేజీ కుదిరినట్టు కాదు. పక్కపక్క రెండు గదులు కలిపితే వెడల్పు 87 వస్తుంది, ఎత్తు మాత్రం అంతే. మనిషి ఫోటో నిలువు బొమ్మ. ఎత్తు పెరగనిదే ముఖం పెరగదు. మొదటి ర్యాంకు పిల్లకి అటూ ఇటూ గోడ ఎక్కువ కనిపిస్తుంది, అంతే.

నూటికి_నూరు: అయితే నిలువుగా కలపండి. పై రెండు వరసల్లో మూడు నిలువు గదులు, నాలుగో నిలువులో మామూలుగా ఇద్దరు. ఫోటో 40.5×50.6 వస్తుంది. నేనూ స్కేలు పెట్టి చూసే చెబుతున్నాను.

డీటీపీ_కృష్ణలంక: నిలువు గది ఎత్తు 97.2 అవుతుంది. శీర్షికని పైనే ఉంచారు కాబట్టి 45.6 రెండు, మధ్య సందు 6. అందులో ఫోటో, రాత కలిపి 66 పోతే కింద 31 మి.మీ. ఖాళీ. పైగా ఈ ముగ్గురి పేర్లు ఒక ఎత్తులో, పక్కనున్న ఇద్దరి పేర్లు వేరే ఎత్తుల్లో పడతాయి. గళ్ళ పేజీలో కన్ను పేర్ల వరస పట్టుకునే నడుస్తుంది. అది తెగిందంటే మిగతా పేజీ ఎంత సరిగ్గా ఉన్నా పొరపాటు జరిగినట్టే కనిపిస్తుంది.

నూటికి_నూరు: ఆ 31లో మార్కులు వెయ్యొచ్చు.

అమ్మ_కావ్య: గదుల సంగతి అలా ఉంచండి, పేర్లు ఎవరు సరిచూస్తున్నారు? మా అమ్మాయి పుస్తకంలో ఇంటిపేరు ఎగిరిపోయింది, పేరులో ఒక వత్తు తప్పు పడింది. పక్క పిల్లకి పూర్తి పేరు, మా పిల్లకి ముద్దుపేరు. అడిగితే "చోటు చాల్లేదు" అన్నారు. ఆ పుస్తకం ఇప్పటికీ తెరవదు.

గోదారిగట్టు: ఆవిడ చెప్పిందే అసలు పని, చింతలతోట గారూ. ముందు అందరిలోకీ పొడుగైన పేరు వెతకండి. "పోతుల లక్ష్మీ నాగ వెంకట దుర్గాభవాని" లాంటిది ఒకటైనా ఉంటుంది. 40.5 మి.మీ.లో 10 పాయింట్ల అక్షరాలు సుమారు పదిహేను పడతాయి. ఇందులో అక్షరాలే పదిహేను, పైగా నాలుగు ఖాళీలు. పట్టదు. అప్పుడు చాలామంది ఆ ఒక్క పేరునీ 8 పాయింట్లకి కుదించేస్తారు, లేదా పక్కలు నొక్కి సన్నం చేస్తారు. పేజీ తెరవగానే ఆ పిల్ల పేరే తేడాగా కనిపిస్తుంది.

దారులు రెండే. అందరి ఇంటిపేర్లూ పొడి అక్షరం చెయ్యడం, "పి. లక్ష్మీ..." అని. లేదా ఇంటిపేరు ఒక వరస, పేరు ఇంకో వరస చెయ్యడం. రెండోదైతే ఫోటో కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి. ఏది ఎంచుకున్నా 37 మందికీ అదే. హాజరుపట్టీలో ఉన్న పేరే వేసి, ప్రూఫు గోడకి అంటించి, ఎవరి పేరు పక్కన వాళ్ళ చేత సంతకం పెట్టించండి. టీచరు చదివితే చాలదు. తన పేరులో తప్పు తనకే ముందు కనిపిస్తుంది.

డీటీపీ_కృష్ణలంక: వత్తుల మాట వచ్చింది కాబట్టి ఒకటి. InDesign వాడుతుంటే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో Adobe World-Ready Paragraph Composer ఎంచుకున్నారో లేదో చూడండి. లేకపోతే వత్తులు విడిపోయి పక్కకి పడతాయి, కావ్య గారి అమ్మాయికి జరిగింది అదే కావచ్చు. వరసల మధ్య దూరం కూడా ఇంగ్లీషుకి ఇచ్చినట్టు ఇవ్వకండి. పేరు 10 పాయింట్లకి 14, మాట 8.5కి 12.5 ఉండాలి. లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడి మీద కూర్చుంటుంది. పేరు 14, మాట రెండు వరసలకి 25, మొత్తం 39 పాయింట్లు, అంటే 13.8 మి.మీ. ఫోటో కింద 1.8 మి.మీ. సందు. 15.6 ఎందుకన్నానో ఇప్పుడు తెలుస్తుంది.

పేర్లు చేత్తో ఒక్కోటీ అతికించకండి, డేటా మెర్జ్ చేయండి. ఎక్సెల్ పట్టికలో మొదటి వరస ఇలా ఉండాలి:

```
name	quote	@photo
```

ఎక్సెల్‌లో `@photo` ముందు ఒక `'` గుర్తు పెట్టండి, లేకపోతే ఫార్ములా అనుకుని ఒప్పుకోదు. Unicode Text గా సేవ్ చేయండి. మామూలు CSV చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది.

చింతలతోట: కొందరు పిల్లలు మాట కింద పేరాలు రాసిచ్చారు. ఇద్దరు ఏమీ ఇవ్వలేదు. వాళ్ళకి సూక్తి పెట్టనా?

నూటికి_నూరు: అందరికీ సూక్తులే పెట్టండి. సమానంగా ఉంటుంది.

గోదారిగట్టు: సూక్తులైతే ఫోటో ఎవరిదైనా ఒకటే అవుతుంది. పిల్లల్ని "ఏదో ఒకటి రాయండి" అనకుండా ఒకే ప్రశ్న అడగండి: "ఈ బడిలో నీకు గుర్తుండిపోయే చోటు ఏది?" అప్పుడు జవాబులు వాటంతటవే పొట్టిగా వస్తాయి. "వేపచెట్టు కింద మూడో బెంచీ." "సైన్సు ల్యాబు కిటికీ, వాన పడేటప్పుడు." రెండు వరసల్లో సుమారు ముప్పై అక్షరాలు పడతాయి. గూగుల్ ఫామ్‌లో పరిమితి మాత్రం 30 అని పెట్టకండి. అది మన అక్షరాల్ని లెక్కపెట్టదు. "స్త్రీ" మనకి ఒక అక్షరం, దానికి ఆరు. 60 పెడితే దాదాపు సరిపోతుంది. ఆ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి నోటితో అడగండి. అప్పటికీ చెప్పకపోతే ఆ రెండు వరసలూ ఖాళీగా ఉంచండి, ఫోటోని కిందికి జరపకండి.

డీటీపీ_కృష్ణలంక: ఫోటోల గురించి కూడా. ఫ్రేములన్నీ ఒకే సైజు చేసి ఊరుకుంటే సరిపోదు, లోపల ముఖాలు ఒకే సైజులో ఉండాలి. 26.4×33 ఫ్రేములో కళ్ళ గీత పై అంచుకి 13 మి.మీ. దగ్గర, కళ్ళ నుంచి గడ్డానికి 9 మి.మీ. అందరికీ ఇదే కొలత. నడినెత్తి నుంచి కొలవకండి. పూలు పెట్టుకున్న పిల్ల, తలపాగానో హిజాబో ఉన్నవాళ్ళు, వీళ్ళ ముఖాలు చిన్నవైపోతాయి. వాట్సాప్‌లో ఫోటోలు తెప్పిస్తే డాక్యుమెంటుగా పంపమనండి. గ్రూపు ఫోటోలోంచి కత్తిరించిన ముఖం ఫోన్‌లో బాగానే ఉంటుంది, అచ్చులో మసకబారుతుంది.

నూటికి_నూరు: అన్నీ ఒప్పుకుంటాను. నా ప్రశ్నకి మాత్రం ఎవరూ జవాబివ్వలేదు. ర్యాంకు పిల్లలు ఎక్కడ?

డీటీపీ_కృష్ణలంక: ఇచ్చాను. పేర్ల వరస తెగుతుందన్నాను.

నూటికి_నూరు: అది సాకు సార్. మీకు టాపర్లంటేనే గిట్టదు. పుస్తకానికి డబ్బు పెట్టేది బడి. జూన్‌లో అడ్మిషన్లకి వచ్చే తల్లిదండ్రులు ముందు ఈ పేజీయే తిప్పి చూస్తారు. మంచి ఫలితం కనిపించకపోతే వచ్చే ఏడాది పుస్తకమే ఉండదు. ప్రెస్సులో కూర్చుని మిల్లీమీటర్లు లెక్కపెట్టేవాళ్ళకి ఇది తెలియదు.

డీటీపీ_కృష్ణలంక: ఏ ఫలితం మాస్టారూ? పుస్తకం ఫిబ్రవరిలో, పబ్లిక్ పరీక్షలు మార్చిలో. మీరు పెద్దగా వేసేది ప్రీఫైనల్ మార్కుల్ని. ఫలితాల్లో నాలుగో పిల్ల మొదటికొస్తే అచ్చయిన పుస్తకాన్ని ఏం చేస్తారు? అడ్మిషన్లకి కావలసింది జూన్‌లో వేసే నాలుగు పేజీల కరపత్రం. అందులో ముగ్గురిని పేజీ నిండా వెయ్యండి, నేనే సర్దిపెడతాను. ఈ రెండు పేజీలూ ఆ 37 మందివి.

నూటికి_నూరు: అవును, పిల్లల పుస్తకమా బడి పుస్తకమా అన్నదే మన గొడవ. ముందే అలా అంటే సరిపోయేది. బడిదే అంటాను. కానీ ఫలితాల తేదీ మాట నిజమే. నేనది ఆలోచించలేదు.

అమ్మ_కావ్య: మా పిల్ల మొదటి ముగ్గురిలో ఉండేది. అయినా ఫోటో పెద్దది కావాలని అడగలేదండీ, పేరు సరిగ్గా ఉంటే చాలనుకుంది.

చింతలతోట: హెడ్మాస్టారు ముగ్గురినీ పెద్దగా వెయ్యాలనే అంటున్నారు. తేదీల సంగతి రేపు ఆయనకి చెప్పి చూస్తాను. ఇంకోటి, మా పట్టీలో ముందు అబ్బాయిలు, తర్వాత అమ్మాయిలు. అదే వరస ఉంచాలా, అక్షరక్రమం చెయ్యాలా?

గోదారిగట్టు: అక్షరక్రమం. పట్టీ వరసలో వేస్తే ఎడమ పేజీ దాదాపు అబ్బాయిలది, కుడి పేజీ అమ్మాయిలది అయిపోతుంది.

డీటీపీ_కృష్ణలంక: ఇంటిపేరుతో మొదలయ్యే అక్షరక్రమమా, పేరుతోనా? అది ముందు తేల్చుకోండి. పొడి అక్షరాలు పెడితే "పి."లన్నీ ఒకచోట చేరతాయి. నేనైతే పేరుతో.

గోదారిగట్టు: నేను ఇంటిపేరుతోనే అంటాను. పట్టీలో వెతుక్కునే అలవాటు అలాగే ఉంటుంది.