శెనక్కాయల మిషన్ బ్రాకెట్, ఎర్రగుర్తులు పడిన ట్రీ: పోర్ట్‌ఫోలియోకు సలహా కావాలి

ఉరవకొండ తమ్ముడు (డెట్రాయిట్ దగ్గర):

అన్నలకు, అక్కలకు నమస్కారం. అనంతపురంలో బీటెక్ మెకానికల్ చేసి, ఇక్కడ మాస్టర్స్ పూర్తి చేసినా. డిజైన్ ఇంజనీర్ ఉద్యోగాలకు అప్లై చేస్తున్నా. పోర్ట్‌ఫోలియోలో పన్నెండు మోడళ్లున్నాయి, అన్నీ రంగురంగుల రెండర్ బొమ్మలే. వాటిలో నాది అని చెప్పుకోగలిగింది ఒక్కటే. మా మామ వాళ్ల శెనక్కాయలు వొలిచే మిషన్‌కు నేను గీసిన బేరింగ్ బ్రాకెట్ అది.

పోయిన వారం ఒక ఇంటర్వ్యూలో స్క్రీన్ షేర్ చేయించి, "ఇందులో 6205 బేరింగ్ ఉంది కదా, 6206 పెట్టి చూపించు" అన్నారు. బోర్ 52 నుంచి 62కు మార్చినా. చుట్టూ ఉన్న గోడ 8 మి.మీ. నుంచి 3కు పడిపోయింది, రిబ్బులు రెండూ ఎగిరిపోయాయి, ట్రీలో ఎర్ర గుర్తులు. వాళ్లు ఏమీ అనలేదు గానీ ఆ తర్వాత కబురు లేదు. ఏం మార్చుకోవాలి?

ఆదోని అన్న (టొరంటో):

తమ్ముడూ, పన్నెండు ఎక్కువ. మూడు ఉంచు. డ్రాయింగులో ప్రతి కొలతకూ జామెట్రిక్ టాలరెన్స్ పెట్టు, నీకు సబ్జెక్ట్ వచ్చని తెలుస్తుంది. మోడల్ మాత్రం స్టెప్ ఫైలుగా పంపు. ఎవరి దగ్గర ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నా తెరుచుకుంటుంది.

తాడిపత్రి అన్న (హ్యూస్టన్):

అసలు ఆ బ్రాకెట్ ఎందుకబ్బీ? మా నాయన నాపరాయి పాలిష్ మిషన్లకు ఎప్పుడూ రెడీమేడ్ ప్లమ్మర్ బ్లాకులే వాడేవాడు. 25 మి.మీ. షాఫ్టుకు UCP205 కొని రెండు బోల్టులు బిగిస్తే అయిపోతుంది. షాఫ్టు కొంచెం వంకర వచ్చినా లోపలి బేరింగ్ తిరిగి సర్దుకుంటుంది. కొనేదాన్ని గీస్తే ఇంటర్వ్యూలో అదే అడుగుతారు.

ప్రొద్దుటూరు అక్క (మిషిగన్):

తమ్ముడూ, నేను డిజైన్ టీముకు మనుషులను తీసుకునే పనిలో ఉన్నా కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

వాళ్లు 6206 పెట్టమన్నది నీ మోడల్ వెనుక ఆలోచన ఉందా లేదా చూడడానికే. 6205 కొలతలు 25, 52, 15. 6206 కొలతలు 30, 62, 16. బేరింగ్ మారితే ఏవి మారాలి, ఏవి మారకూడదు అన్నది నువ్వు మోడల్‌కు ముందే చెప్పి ఉండాలి. బోర్ మారితే బయటి బాస్ కూడా దాని వెంట పెరగాలి. షాఫ్టు ఎత్తు 60 మాత్రం కదలకూడదు. సాలిడ్‌వర్క్స్ ఈక్వేషన్లలో ఇట్లా రాసుకో, తర్వాత స్కెచ్ కొలతలను ఈ పేర్లకు కలుపు:

```
"Brg_OD" = 52
"Wall" = 8
"Boss_OD" = "Brg_OD" + 2 * "Wall"
```

ఇప్పుడు 62 పెడితే బాస్ 68 నుంచి 78కు తనంతట తానే పోతుంది. బేరింగ్ వెడల్పును కూడా ఇట్లాగే కలుపు. బేరింగ్ ఆనుకునే లోపలి మెట్టుకు మాత్రం ఇట్లాంటి సూత్రం పెట్టవద్దు. ఆ వ్యాసం బేరింగ్ క్యాటలాగులో ఉంటుంది. ప్రతి సైజుకూ చూసి పట్టికలో రాసుకోవాలి.

రిబ్బులు ఎగిరిపోయాయంటే వాటి స్కెచ్ ఏదో ఫిల్లెట్ అంచును పట్టుకొని ఉంటుంది. బాస్ పెరిగేసరికి ఆ అంచు మాయమై, స్కెచ్‌కు పట్టు పోయింది. దీన్ని ముందే కనిపెట్టడం సులువు. ఫిల్లెట్లన్నీ సప్రెస్ చేసి `Ctrl+Q` కొట్టు. ఫిల్లెట్లు కాకుండా ఇంకేదైనా వాటితో పాటు సప్రెస్ అయిపోయినా, విరిగినా, అది తప్పు చోట వేలాడుతోందన్నమాట. రిబ్బు స్కెచ్‌ను మూలబిందువు దగ్గరి ప్లేన్ మీద గీసి, ఫిల్లెట్లను ట్రీ చివరకు జరుపు. `Boss-Extrude7` అని ఉన్నదాన్ని "బేరింగ్ హౌసింగ్" అన్నట్టు ఇంగ్లీషులో పేరు మార్చు. స్కెచ్ పేరు ముందు `(-)` ఉంటే అది ఇంకా పూర్తిగా బిగించలేదని అర్థం. నేనైతే ట్రీ తెరవగానే ముందు దాన్నే చూస్తాను.

ఆదోని అన్నా, మూడు చాలన్నది నిజం. కానీ స్టెప్ ఫైలులో ట్రీ రాదు, వట్టి ఘనరూపమే వస్తుంది. తమ్ముడు చూపించాల్సినదే అందులో పోతుంది. పీడీఎఫ్‌లో ఒక పేజీ ట్రీ బొమ్మకు ఇచ్చి, పక్కనే 6205తో ఒకటి, 6206తో ఒకటి పెడితే తెరవకుండానే అర్థమవుతుంది.

టాలరెన్సులు అన్నిటికీ పెట్టడం కూడా వద్దు. తమ్ముడూ, నీ డ్రాయింగ్ పెట్టు, చూసి చెప్తా.

ఉరవకొండ తమ్ముడు:

డ్రాయింగ్ జత చేసినా అక్కా. కాలేజీలో నేర్పినట్టు ఫస్ట్ యాంగిల్‌లోనే ఉంది.

ప్రొద్దుటూరు అక్క:

చూసినా. ఇక్కడ థర్డ్ యాంగిల్ వాడతారు. నీ డ్రాయింగులో గుర్తు కూడా లేదు, కాబట్టి ఇక్కడివాళ్లు ఎడమ వైపు వ్యూను కుడి వైపుదని చదువుతారు. వ్యూలు మార్చి, టైటిల్ బ్లాకులో గుర్తు వేయి.

అసలు ఇబ్బంది వేరే ఉంది. నువ్వు అడుగు నుంచి బాస్ తలదాకా 94 అని ఇచ్చి, బాస్ వ్యాసం 68 అని ఇచ్చినావు. షాఫ్టు ఎత్తు 60 ఎక్కడా లేదు. మెషినిస్టు లెక్క కట్టుకోవాలి, రెండు కొలతల తేడాలూ దాంట్లో కలుస్తాయి. పైగా బాస్ తల పోతపోసిన గరుకు ముఖం, అక్కడి నుంచి ఎవరూ కొలవరు. అడుగు ముఖాన్ని డేటమ్ A చేసి, అక్కడి నుంచి బోర్ మధ్యకు 60 ±0.1 నేరుగా ఇవ్వు. బోర్‌కు 52 H7, అంటే 52.000 నుంచి 52.030. నువ్వు వదిలేసిన చోట టైటిల్ బ్లాకులోని ±0.5 పడుతోంది. అంత వదులైతే బేరింగ్ కూర్చోదు, లేదా ఊగుతుంది.

మూడోది బోర్ అక్షం A కు సమాంతరంగా ఉండాలి, 0.02 లోపల. ఇది ఎందుకో లెక్క చూడు. బ్రాకెట్ల మధ్య 600 మి.మీ. ఉంది కదా. రెండింటి ఎత్తుల్లో ఎక్కువలో ఎక్కువ 0.2 తేడా వచ్చినా షాఫ్టు వంగేది ఒక నిమిషం కోణం పైచిలుకే. కానీ బోర్ లోతు 15 మాత్రమే. అందులో 0.02 వాలితేనే నాలుగున్నర నిమిషాలు, 0.05 వాలితే పదకొండు దాటుతుంది. 6205 లాంటి బేరింగ్ పది నిమిషాల లోపే ఓర్చుకుంటుంది. అంటే నీకు ఎత్తు కన్నా వాలు ముఖ్యం. ఈ లెక్కను డ్రాయింగ్ పక్క పేజీలో నాలుగు లైన్లలో రాయి. మిగతా కొలతలకు టైటిల్ బ్లాకు చాలు.

తాడిపత్రి అన్న:

నేను చెప్పింది కూడా ఇదే కదమ్మా. ఆ వాలు గొడవ లేకుండానే కదా ప్లమ్మర్ బ్లాకు.

ప్రొద్దుటూరు అక్క:

అవునన్నా, ఆ మాట నిజమే. తమ్ముడూ, ఎందుకు కొనలేదో నీ దగ్గర జవాబుందా?

ఉరవకొండ తమ్ముడు:

ఫ్రేములో ఆ చోట 50 మి.మీ. మందమే ఉంది, పక్కన జల్లెడ తగులుతుందని బ్రాకెట్ గీసినా. UCP205 పడుతుందో లేదో మాత్రం కొలిచి చూడలేదు.

ఫిల్లెట్లు సప్రెస్ చేసి చూసినాను. రిబ్బులతో పాటు ఎడమ బోల్టు రంధ్రం కూడా పోయింది. దాన్ని ప్లేటు మూల ఫిల్లెట్ నుంచి కొలిచి ఉన్నా.

ప్రొద్దుటూరు అక్క:

రంధ్రాలను మధ్య ప్లేన్ నుంచి 120 సిమెట్రిక్‌గా ఇవ్వు. UCP205 కొలతలు క్యాటలాగులో తీసుకొని ఫ్రేములో పెట్టి చూడు. పట్టకపోతే ఆ బొమ్మే నీ మొదటి పేజీ. పట్టితే వేరే భాగం ఎంచుకుందాం.

ఆదోని అన్న:

స్టెప్ మాట వెనక్కి తీసుకుంటా. కానీ అసలు ఫైలు పంపితే పాత వెర్షన్ వాళ్లకు తెరుచుకోదు, స్టూడెంట్ లైసెన్సు గుర్తు కూడా పడుతుంది. ఆ గుర్తు చూసి పక్కన పెట్టేవాళ్లు ఉన్నారా అక్కా?

ప్రొద్దుటూరు అక్క:

నేను పెట్టను. మిగతావాళ్ల సంగతి ఇక్కడున్న ఇతరులు చెప్పాలి.